పెళ్లికొడుకు ముస్తాబు: ముహూర్తం నుంచి వెనక్కి లెక్క

పెళ్లి గురువారం రాత్రి అనుకుందాం. ముహూర్తం పది దాటాక. పెళ్లికొడుకుది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెళ్లి రాజమండ్రిలో. ముందు గురువారం నుంచి సెలవు దొరికింది. అంటే చేతిలో సరిగ్గా వారం రోజులు. ఈ వారంలోనే మిగిలిన శుభలేఖలు పంచాలి, టైలర్ దగ్గరకి రెండుసార్లు తిరగాలి, బంధువులను స్టేషన్ నుంచి తీసుకురావాలి. వాటి మధ్యలో జుట్టూ గడ్డమూ సంగతి చూసుకోవాలి, ముఖం మీద కాస్త కళ తెచ్చుకోవాలి. ఎక్కువమంది ఈ చివరి పనిని చివరికే వదిలేస్తారు. బుధవారం సాయంత్రం ఏ బావమరిదో బండెక్కించుకుని సెలూన్‌కి తీసుకెళితే కటింగు, షేవింగు, ఫేషియల్, బ్లీచు, గడ్డానికి రంగు అన్నీ ఒక్క కూర్చోబెట్టులో అయిపోతాయి. తెల్లారేసరికి ముఖం కందిపోయి ఉంటుంది.

అలా కావడానికి సెలూన్ అతని చేతివాటం కారణం కాకపోవచ్చు. ఒంటి మీద చేసే ప్రతి పనికీ సర్దుకునే గడువు ఒకటుంటుంది. కత్తిరించిన జుట్టు కుదురుకోవడానికి నాలుగైదు రోజులు కావాలి. బ్లేడు తగిలిన చర్మానికి ఒకటి రెండు రోజులు. రంగు పడకపోతే ఆ సంగతి బయటపడడానికి మూడు రోజులు పట్టవచ్చు. అందుకే ఈ లెక్కను ఈ రోజు నుంచి ముందుకు కాకుండా ముహూర్తం నుంచి వెనక్కి వేసుకోవాలి. పైగా తెలుగు పెళ్లికొడుక్కి ఇంకో లెక్క కూడా ఉంది. మధ్యలో మంగళవారం వస్తుంది, ఆ రోజు మన ఊళ్లలో సెలూన్లు మూసేస్తారు. బుధవారం పొద్దున పెళ్లికొడుకుని చేస్తారు. అంటే ఒంటికి నూనె, పసుపు, సున్నిపిండి. బ్లేడుకీ నలుగుకీ పడదు. ఈ వారంలో ఎదురయ్యే చిక్కుల్లో సగం ఇక్కడే పుడతాయి.

గురువారం, శుక్రవారం: చేయకూడనివి ముందు

వారం ముందు తీసుకునే మొదటి నిర్ణయం ఏం మానుకోవాలన్నది. ఇంతవరకూ ఎప్పుడూ చేయించుకోని ఫేషియల్ ఈ వారం మొదలుపెట్టకూడదు. ఫేషియల్‌లో ముక్కు మీది నల్లచుక్కలను నొక్కి తీస్తారు. నొక్కిన చోట ఎర్రటి మచ్చ రెండు మూడు రోజులుంటుంది, ఒక్కోచోట అదే మొటిమై లేస్తుంది. ముందునుంచీ నెలకోసారి చేయించుకునే అలవాటుంటే, అదే చోట, అదే రకం, ఈ గురువారమో శుక్రవారమో చేయించుకోవచ్చు. ఆ తరవాత వద్దు. పీలింగ్ అనే చికిత్సకైతే నెల ముందే వెళ్లి ఉండాలి, ఇప్పుడు దాని ఊసే అనవసరం.

బ్లీచ్ మాట చెప్పాలి, ఎందుకంటే పెళ్లికొడుకులకు సెలూన్లలో ఎక్కువగా అంటగట్టేది ఇదే. బ్లీచ్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్, అమోనియా లాంటివి ఉంటాయి. అవి చర్మం రంగును మార్చవు, ముఖం మీది సన్నటి నూగును రాగి రంగుకి తిప్పుతాయి. చామనఛాయ ముఖం మీద ఆ రాగి నూగు వీడియో లైట్ల వెలుగులో మెరుస్తుంది. ఫొటోల్లో ముఖానికి పసుపు పూసినట్టు కనిపించడానికి ఒక్కోసారి పసుపే కారణం కాదు. పైగా షేవ్ చేసిన రోజే బ్లీచ్ పూస్తే మంట ఖాయం.

మందుల షాపులో 'తెల్లబడే క్రీము' అడిగి తెచ్చుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ ట్యూబుల్లో చాలావాటిలో గట్టి స్టెరాయిడ్ ఉంటుంది. నాలుగు రోజులు రాస్తే ముఖం నున్నగా, తెల్లగా అయినట్టే ఉంటుంది. రాస్తూ పోతే చర్మం పలచబడి, ఎండ తగిలితే ఎర్రబడి, మానేసిన మరుక్షణం మొటిమలు గుత్తులు గుత్తులుగా లేస్తాయి. మన దేశంలో చర్మవైద్యులు ఎంతగా మొత్తుకున్నారంటే, 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూత స్టెరాయిడ్లను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి తెచ్చింది. అయినా అడిగితే ఇచ్చే షాపులకు కొదవ లేదు. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్న వ్యక్తి పెళ్లి వారంలో హఠాత్తుగా మానేయడం కూడా ప్రమాదమే, చర్మవైద్యుడిని అడిగి మెల్లగా తగ్గించాలి.

మరి ఈ రెండు రోజుల్లో చేయాల్సిందేమిటి? పొద్దునా రాత్రీ మెత్తటి ఫేస్‌వాష్, వెంటనే తేమ పట్టే మాయిశ్చరైజర్, బయటికి వెళితే సన్‌స్క్రీన్. ఇంతే. శుభలేఖలు పంచుతూ మధ్యాహ్నం ఎండలో బండి మీద తిరిగే పెళ్లికొడుక్కి ఈ మూడోది చాలా ముఖ్యం. చొక్కా చేతుల అంచు దగ్గర, వాచీ కింద, హెల్మెట్ పట్టీ కింద పడే నలుపు గీత వారంలో పోదు, పంచె కట్టుకుని చేతులు చాపినప్పుడు అదే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పొడుగు చేతుల చొక్కా ఏ క్రీముకన్నా బాగా పనిచేస్తుంది. హెల్మెట్ లోపలి గుడ్డను ఉతికి ఆరబెట్టుకుంటే నుదుటి మీద చెమట పొక్కులు రావు. బాసికం కట్టేది ఆ నుదుటి మీదే.

పాదాల సంగతి ఎవరూ చెప్పరు. మన పెళ్లిలో పెళ్లికొడుకు ముఖం తరవాత కెమెరా అంత దగ్గరగా వెళ్లేది పాదాల దగ్గరికే. మామగారు పళ్లెంలో కాళ్లు కడుగుతారు, ఫొటోగ్రాఫర్ ఆ పళ్లెం మీదికి వంగుతాడు. మడమలు పగిలి ఉంటే ఆల్బమ్ ఉన్నన్నాళ్లూ పగుళ్లు ఉంటాయి. ఇది ఒక్కరోజులో అయ్యే పని కాదు గనక గురువారం రాత్రే మొదలుపెట్టాలి. గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు కాళ్లు నానబెట్టి, తుడిచి, తడి పూర్తిగా ఆరకముందే వేజలీన్ దట్టంగా పట్టించి మేజోళ్లు తొడుక్కుని పడుకోవాలి. రాయితో గట్టిగా గీకొద్దు. దానికి ఇంకో కారణం కూడా ఉంది. బుధవారం పాదాలకు పారాణి పెడతారు. పాత పద్ధతి పారాణిలో పసుపుతో పాటు సున్నం ఉంటుంది, ఆ రెండూ కలిసినందుకే అది ఎర్రబడుతుంది. గీకి పచ్చి చేసిన మడమల మీద సున్నం పడితే పెళ్లికొడుకు చిందులు తొక్కాలి. ఇప్పుడు సీసాలో దొరికే ఎర్రరంగు వాడేచోట ఈ బాధ ఉండదు.

గడ్డానికి రంగు: ఈ వారంలో అసలైన గండం

ముప్పై దాటిన పెళ్లికొడుకులకు గడ్డంలో రెండు తెల్ల వెంట్రుకలు మామూలే. రంగేస్తే తప్పేం లేదు గానీ, దేనికీ లేనంత జాగ్రత్త దీనికి కావాలి. నల్లరంగు పాకెట్లలో చాలావాటిలో పి.పి.డి. అని పిలిచే రసాయనం ఉంటుంది, దాని పూర్తి పేరు పారా ఫినైలీన్ డయమీన్. ఇది కొందరికి పడదు. పడనివాళ్లకు రాసిన వెంటనే ఏమీ కాదు. మర్నాడో మూడో రోజో దురద మొదలై, చర్మం ఎర్రబడి, నీరు కారి, కనురెప్పలు ఉబ్బిపోతాయి. బుధవారం రాత్రి రంగేసుకున్న వ్యక్తికి ఆ వాపు తలంబ్రాల వేళకి వస్తుందన్నమాట.

పాకెట్ మీద 'నేచురల్' అని, 'హెర్బల్ మెహందీ' అని రాసి ఉన్నంత మాత్రాన అందులో ఇది లేదనుకోవడానికి లేదు. గోరింటాకు ఒంటరిగా జుట్టుకి ఎరుపు, నారింజ రంగులే ఇస్తుంది. అరగంటలో నల్లగా మార్చేసే పొడిలో ఇంకేదో కలిసి ఉండాలి. వెనక అక్షరాలు చిన్నవిగా ఉంటాయి, కళ్లు చికిలించుకునైనా చదవాలి. ఇంకో మాట: ఇదివరకు నాలుగుసార్లు వేసుకుని ఏమీ కాలేదన్నది అయిదోసారికి హామీ కాదు. శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపట్టడం ఏ విడతలోనైనా జరగవచ్చు. చేతుల మీద నల్ల మెహందీ డిజైన్ వేయించుకున్నప్పుడు ఎప్పుడైనా బొబ్బలు వచ్చి ఉంటే, ఇక జుట్టు రంగు జోలికే పోకూడదు, రెంటిలోనూ ఉండేది సాధారణంగా అదే రసాయనం.

మన పెళ్లికొడుకు విషయంలో లెక్క ఇలా నడుస్తుంది. గురువారం సాయంత్రమే, వేయబోయే పాకెట్ నుంచే కొంచెం కలిపి, చెవి వెనకో మోచేతి మడతలోనో రూపాయి బిళ్లంత చోట రాసి ఆరనివ్వాలి. శనివారం సాయంత్రానికి 48 గంటలు. దురద, ఎరుపు, చిన్న పొక్కు ఏది కనిపించినా రంగు ఆలోచన అక్కడితో వదిలేయాలి. ఏమీ లేకపోతే సోమవారం వేసుకోవచ్చు. ఆదివారమే వేసుకోవచ్చు కదా అంటే, గడ్డం రోజుకి మిల్లీమీటరులో మూడో వంతు దాకా పెరుగుతుంది. సోమవారం వేస్తే గురువారం రాత్రికి మొదట్లో మిల్లీమీటరు తెలుపు బయటికొస్తుంది, ఆదివారం వేస్తే ఇంకాస్త ఎక్కువ. గడ్డం అయిదారు మిల్లీమీటర్లుంటే ఆ తెలుపు లోపల దాగిపోతుంది. మూడు మిల్లీమీటర్లకి కత్తిరించిన పొట్టి గడ్డమైతే మూడో వంతు తెల్లగా కనిపిస్తుంది. మేకప్ మనిషి కాటుక బ్రష్షుతో రెండు నిమిషాల్లో దాన్ని కప్పేస్తాడు, దాని కోసం గురువారం పొద్దున మళ్లీ రంగు వేయించుకోవద్దు. సోమవారం వేసిన రంగు చర్మానికి అంటితే బుధవారం నూనె నలుగుతో అది కూడా పోతుంది.

అసలు రెండే తెల్ల వెంట్రుకలైతే చిన్న కత్తెరతో మొదటికంటా కత్తిరించి ఊరుకోవడం నా ఓటు.

జుట్టు: శనివారమా, ఆదివారమా?

మామూలు కత్తెర కటింగు అయిదారు రోజుల ముందు చేయించుకోవాలి. దానికి కారణాలు రెండు. కొత్తగా కత్తిరించినప్పుడు చెవుల పైన, మెడ వెనక ఇంతకాలం జుట్టు కింద ఎండ తగలని చర్మం తెల్లగా బయటపడుతుంది. మెడ నల్లగా, దాని పైన తెల్ల పట్టీలా కనిపించే ఆ తేడా రెండు మూడు రోజుల్లో తిరుగుతుండగానే తగ్గిపోతుంది. రెండోది, జుట్టు అంచులు పదునుగా, కర్రల్లా నిలబడి ఉంటాయి. నాలుగైదు తలస్నానాలకు మెత్తబడి, దువ్విన వైపు వాలతాయి. అయిదు రోజుల్లో జుట్టు పెరిగేది సుమారు రెండు మిల్లీమీటర్లే, పొడవులో తేడా తెలియదు.

ఈ లెక్క ఫేడ్ కటింగుకి మాత్రం వర్తించదు. చెవి దగ్గర నున్నగా మొదలై పైకి వెళ్లేకొద్దీ దట్టమయ్యే ఆ కటింగులో అందమంతా ఆ మొదటి రెండు మిల్లీమీటర్లలోనే ఉంటుంది. అయిదు రోజులకు అది మసకబారుతుంది. ఫేడ్ కావాలనుకునేవాళ్లు రెండు మూడు రోజుల ముందు చేయించుకోవాలి. మన గురువారం పెళ్లికి రెండు రోజుల ముందంటే మంగళవారం. మంగళవారం క్షౌరం మాట అమ్మమ్మ చెవిన పడితే ఇంట్లో రాద్ధాంతం. పెద్ద ఊళ్లలో బ్రాండు సెలూన్లు ఆ రోజు కూడా తెరిచే ఉంటాయి, కానీ పెళ్లింట ఆ గొడవ ఎందుకు? సోమవారం చేయించుకోవడం మేలు. మామూలు కటింగైతే శనివారం పొద్దున. శనివారం కూడా కూడదనే ఇళ్లవాళ్లకు మిగిలేది ఆదివారం. ఆ రోజు సెలూన్లలో జనం కిటకిటలాడతారు, గంటల కొద్దీ కూర్చోవాలి, అతనూ అలిసి ఉంటాడు. అందుకని తెరిచీ తెరవగానే వెళ్లాలి. ఎప్పుడూ కత్తిరించే వ్యక్తి దగ్గరకే వెళ్లాలి. రాజమండ్రి వెళ్లాక అక్కడ కొత్త సెలూన్ వెతుక్కోకుండా, హైదరాబాద్‌లో ఉన్నప్పుడే ఈ పని కానిచ్చి బయల్దేరాలి.

కటింగ్ ఎలా ఉండాలన్నది సినిమా హీరోని చూసి తేల్చేది కాదు, పెళ్లి తంతుని చూసి తేల్చేది. తెలుగు పెళ్లిలో వరుడి తల మీద జరిగేన్ని పనులు ఇంకెక్కడా జరగవేమో. నుదుట బాసికం కట్టి దారం తల వెనక ముడేస్తారు. చెవుల మీదుగా పోయే ఆ దారం పక్క జుట్టుని ఒత్తేస్తుంది. ముహూర్తం వేళకి నడినెత్తి మీద జీలకర్ర బెల్లం పెట్టి నొక్కి పట్టుకుంటుంది వధువు. ఆ తరవాత దోసిళ్ల కొద్దీ తలంబ్రాలు. తెలంగాణలో తలపాగా చుట్టే ఇళ్లలో అది ఇంకో బరువు. జుట్టుని పైకి లేపి జెల్‌తో నిలబెట్టిన వరుడి సంగతి చూడండి. దారం కట్టగానే పక్కలు చదునై నడుమ పుంజు జుట్టు మిగులుతుంది, జీలకర్ర బెల్లంతో ఆ నడుమా గుంటపడుతుంది, తడి జెల్‌కి తలంబ్రాల బియ్యం ఒక్కొక్కటే అతుక్కుంటుంది. తరవాతి ఫొటోలన్నీ ఆ తలతోనే.

కాబట్టి పక్కలు పొట్టిగా, పైన రెండు మూడు అంగుళాలకి మించకుండా, చేత్తో దువ్వినా కుదురుకునేలా కత్తిరించమనాలి. కటింగ్ కుర్చీలోనే నుదుటి మీదుగా ఒక దారం కట్టి చూసుకోమంటే నవ్వుతారు గానీ, పని మాత్రం జరుగుతుంది. పెళ్లి రోజున జెల్ బదులు తడి మెరుపు లేని వ్యాక్స్‌ని బఠాణీ గింజంత తీసుకుని, రెండు చేతులకీ రుద్దుకుని ముందు భాగానికి మాత్రమే రాయాలి. నడినెత్తి పొడిగా వదిలేయాలి.

బ్లేడు ముందా, నలుగు ముందా?

గడ్డం ఉంచుకోవాలా, నున్నగా గీయించుకోవాలా అన్న తగవు ఇప్పుడు దాదాపు ప్రతి పెళ్లింట్లో ఉంది. పెళ్లికూతురు ఉంచమంటుంది, మేనత్త తీయమంటుంది. తీయమనేవాళ్ల వెనక శాస్త్రం లేకపోలేదు. స్నాతకం అంటే బ్రహ్మచర్యం ముగించడం. గృహ్యసూత్రాలు చెప్పిన ఆ సమావర్తనంలో జుట్టు, గడ్డం, గోళ్లు తీయించుకుని స్నానం చేయడం ఒక భాగం. ఇప్పుడు చాలా ఇళ్లలో మంగలి వచ్చి గోళ్లు తీసి, చెంప మీద కత్తి అలా ఆనించి లాంఛనం ముగించి బహుమానం పుచ్చుకుని వెళ్తాడు. ఆ లాంఛనంతో ఒప్పుకునే పెద్దలైతే గడ్డం దక్కినట్టే. ఎవరి మాట చెల్లినా, ఆ తీర్పు వారం మొదట్లోనే కావాలి. ఎందుకంటే నెలల తరబడి గడ్డం కింద ఉన్న చర్మం ఒక్కసారిగా బయటపడితే బుగ్గలు ఒక రంగు, గవదలు ఒక రంగుగా ఉంటాయి. దాన్ని తీసేసేదైతే ఇప్పుడే తీసేసి, వారమంతా గాలి తగలనివ్వాలి.

ఇక్కడే అసలు చిక్కు. క్షౌరం అయ్యాక స్నానం చేయకుండా ఇంట్లో తిరగనివ్వరు కదా. అందుకని పెళ్లికొడుకుని చేసే రోజు వరస ఇలా కుదిరిపోయింది: ముందు మంగలి పని, వెంటనే నూనె, నలుగు, ఆపైన మంగళస్నానం. ఆచారానికి ఇది చక్కటి వరస. చర్మానికి మాత్రం ఇంతకన్నా పాడు వరస లేదు. బ్లేడు గడ్డంతో పాటు చర్మం పైపొరని కూడా కొంత గీకేస్తుంది. కంటికి కనపడని ఆ గీతల మీద సున్నిపిండి పెట్టి, ముత్తయిదువలు వరసగా, వేళాకోళానికి ఇంకాస్త గట్టిగా రుద్దుతారు. పెసరపిండి గరుకు ఒకవైపు, పసుపు మంట ఒకవైపు. సాయంత్రానికి చెంపలు కంది, మర్నాటికి వెంట్రుక మొదళ్ల దగ్గర చిన్న చిన్న ఎర్ర పొక్కులు.

విరుగుడు కష్టమైనది కాదు, ముందుగా మాట్లాడుకోవాలంతే. బుధవారం మంగలి చేత లాంఛనమే చేయించి, నిజమైన షేవింగ్ స్నానం అయ్యాకో గురువారం పొద్దునో పెట్టుకోవడం ఒక దారి. వేడినీళ్ల స్నానం తరవాత వెంట్రుక నాని మెత్తగా ఉంటుంది, బ్లేడు సాఫీగా నడుస్తుంది. పెళ్లికొడుకుని చేశాక కత్తి తగలకూడదనే పట్టింపు ఉన్న ఇళ్లలో ఈ దారి మూసుకుపోతుంది. అప్పుడు బుధవారం తెల్లవారుజామునే, నలుగుకి మూడు నాలుగు గంటల ముందు, ఇంట్లోనే గీసుకుని కాసిన్ని చన్నీళ్లు కొట్టుకుని, నలుగు పెట్టే పిన్నికి చెప్పాలి: చేతులకీ కాళ్లకీ వీపుకీ ఎంతైనా రుద్దు, ముఖానికి నూనె చుక్క, గంధం బొట్టు చాలు. ఆచారం తప్పినట్టు కాదు, ముఖమూ బతుకుతుంది. అలా గీసుకున్న చెంపలకి గురువారం రాత్రి వరకూ సన్నటి నూనూగు ఆకుపచ్చ వస్తుంది. అది కనపడినా పరవాలేదు, పొక్కులకన్నా నయం.

గడ్డం ఉంచుకునేవాళ్లకి ఈ బాధ తక్కువ. శనివారం కటింగుతో పాటే ఆకారం తీయించుకోవాలి. మెడ మీది గీత కంఠముడికి రెండు వేళ్ల పైన ఉండాలి, దవడ అంచుకి ఎక్కించేస్తే ముఖం కిందికి జారినట్టు కనిపిస్తుంది. చెంప మీది గీతను మరీ పైకి ఉంచకూడదు, బుగ్గచుక్క పెట్టడానికి చోటు కావాలి కదా. వెంట్రుకల మీద పెట్టిన కాటుక చుక్క ఎవరికీ కనపడదు. ఆ రోజు ట్రిమ్మర్‌కి ఏ నంబరు తొడిగారో అడిగి రాసుకుంటే, గురువారం పొద్దున అదే నంబరుతో ఇంట్లోనే ఒకసారి తిప్పుకోవచ్చు. గడ్డం లోపల పొట్టు రాలే అలవాటుంటే కీటోకొనజోల్ ఉన్న షాంపూని వారంలో రెండుసార్లు గడ్డానికి కూడా పట్టించి, అయిదు నిమిషాలు ఆగి కడగాలి. పెళ్లి జుబ్బా తెల్లదైనా ముదురు గడ్డంలో పొట్టు దాగదు.

బ్లేడు ఎవరు పట్టినా కొన్ని సంగతులు మారవు. వెంట్రుక పెరిగే దిశలోనే గీయాలి. ఎదురు గీస్తే నున్నగా వస్తుంది గానీ, వంకీల గడ్డం వాళ్లకు తెగిన మొన చర్మం లోపలికి ముడుచుకుని పెరిగి పొక్కవుతుంది. మెడ కింద వచ్చే మొండి పొక్కులు ఎక్కువగా ఇవే. సెలూన్‌లో కళ్ల ముందే కొత్త బ్లేడు తొడగాలి, అడగడానికి మొహమాటపడకూడదు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి వైరస్‌లు రక్తం అంటిన బ్లేడుతో పాకగలవు. ట్రిమ్మర్ దువ్వెనలతో, ఉతకని తువ్వాలుతో తామర కూడా పాకుతుంది. అందుకే సొంత తువ్వాలు పట్టుకెళ్లే పాత అలవాటు తెలివైనది.

నలుగు పిండిలో ఏముంది?

సున్నిపిండిలో పెసలు, శనగలు, పసుపు, కచ్చూరాలతో పాటు చాలా ఇళ్లలో బావంచాలు వేసి ఆడిస్తారు. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మానికి అంటి ఉండగా ఎండ తగిలితే ఆ చోటు మామూలుకన్నా త్వరగా కందుతుంది, నల్లబడుతుంది. బొల్లి మచ్చలకి ఇదే గుణాన్ని మందుగా వాడతారు. నలుగు పెట్టి కడిగేసే కొద్దిపాటి పిండితో మామూలుగా ఏమీ కాదు. కానీ పెరట్లో పది గంటల ఎండలో పీట వేసి, పిండి పూసిన ఒంటితో గంటసేపు ఫొటోలకి కూర్చోబెడితే లెక్క మారుతుంది. పందిరి నీడలో పెట్టుకుంటే సరి. లేదా ఈసారికి పిండిలో బావంచాలు మానుకోవచ్చు.

పసుపు మరక ఇంకో సమస్య. పసుపులోని రంగు నూనెలో కరుగుతుంది, నీళ్లలో అంతగా కరగదు. కాబట్టి నలుగుకి ముందు ఒంటికి నూనె దట్టంగా పట్టిస్తే పసుపు లోపలికి అంటదు, ఆనక కూడా నూనె దూదితో తుడిస్తేనే వస్తుంది. సబ్బు పెట్టి తోమితే మరక పోకపోగా చర్మం మండుతుంది. పసుపు బట్ట మీద సబ్బు పడితే ఎర్రబడడం తెలిసిందే, పారాణిలో సున్నం చేసే పనే అక్కడ సబ్బు చేస్తుంది. గోళ్ల అంచుల్లో పసుపు ఇరుక్కోకుండా ముందే కాస్త వేజలీన్ రాసుకుంటే చేతులు దగ్గరగా తీసే ఫొటోల్లో బాగుంటాయి.

మంగళస్నానంలో తలకి నూనె, కుంకుడు రసం ఉంటాయి. కుంకుడు కళ్లలో పడితే అరగంట ఎర్రబడి ఉంటాయి, కళ్లు మూసుకోవాలి. నూనె పూర్తిగా వదలకపోతే గురువారం జుట్టు నెత్తికి అతుక్కుపోయి ఏ వ్యాక్స్‌కీ లొంగదు. గురువారం స్నానంలో మామూలు షాంపూ రెండుసార్లు పట్టించి బాగా ఆరబెట్టుకోవాలి.

ఇంతా చేశాక మంగళవారం రాత్రి ముక్కు మీద మొటిమ లేచిందనుకోండి. గిల్లడం మాత్రం వద్దు, గిల్లితే అది రెండు రోజుల ఎరుపుగా, రెండు నెలల మచ్చగా మారుతుంది. 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ చుక్కంత దాని మీదే పెట్టుకుంటే రెండు రోజుల్లో కొంత అణుగుతుంది. ఆ జెల్ బట్టల రంగు విరిచేస్తుంది గనక, పట్టుబట్టలకూ తలగడ గలీబుకూ దూరంగా ఉంచాలి. లోతుగా, నొప్పిగా గడ్డలా లేచిందైతే చర్మవైద్యుడు అందులోకి సన్నటి సూదితో కొద్దిపాటి స్టెరాయిడ్ ఎక్కిస్తారు. ఒకటి రెండు రోజుల్లో అది చదునవుతుంది, అరుదుగా చిన్న గుంట పడవచ్చు. కాబట్టి మంగళవారం లేచిన గడ్డకి బుధవారం పొద్దున వెళితే ఉపయోగం, గురువారం సాయంత్రం వెళితే లాభం లేదు.

ఏ పొక్కు దేనిదో గుర్తుపట్టడం కూడా అవసరమే. రాసిన వెంటనే మంట, గంటల్లో తగ్గే ఎరుపు అయితే చర్మం కందింది, చన్నీళ్ల గుడ్డ, మాయిశ్చరైజర్ చాలు. మర్నాడు పెరిగే దురద, వాపు అయితే ఏదో పడలేదు, కళ్లు ఉబ్బుతుంటే డాక్టర్ దగ్గరికి ఆ గంటలోనే పరుగెత్తాలి. వెంట్రుక మొదట్లో చీము చుక్క ఉంటే బ్లేడు వల్ల వచ్చింది, మానేదాకా మళ్లీ గీయకూడదు. గుండ్రంగా, అంచు ఎర్రగా, నడుమ మామూలుగా ఉండి విస్తరిస్తుంటే తామర. దాని మీద స్టెరాయిడ్ క్రీము రాస్తే రెండు రోజులు అణిగినట్టుండి ఆ తరవాత రెట్టింపవుతుంది.

గురువారం రాత్రి మండపంలో చేయగలిగినది ఇంకేమీ ఉండదు. హోమం పొగ, లైట్ల వేడికి చెమట పడితే పౌడరు మీద పౌడరు అద్దకుండా టిష్యూతో ఒత్తుకోవడమే. శుక్రవారం పొద్దున తల దువ్వుకునే ముందు, నడినెత్తిన గట్టిపడ్డ జీలకర్ర బెల్లాన్ని గోరువెచ్చటి నీళ్లతో అయిదు నిమిషాలు తడిపి ఉంచాలి. బెల్లం కరిగి దానంతటదే జారుతుంది, దువ్వెనతో లాగితే వెంట్రుకలతో సహా వస్తుంది. సాయంత్రం రిసెప్షన్ ఉంది గనక, నున్నటి షేవింగ్ కావాలన్నవాళ్లు ఆ తలస్నానం తరవాతే చేసుకోవాలి.